వెట్‌సూట్‌లో భుజం పట్టేస్తోందంటే తప్పు సైజుదా, తొడుక్కున్న తీరుదా?

మాతోపాటు ఈత ప్రాక్టీస్ చేసే నెల్లూరు తమ్ముడొకడు ఈ మధ్య తన మొదటి వెట్‌సూట్ తెప్పించుకున్నాడు. ఈత, సైకిల్, పరుగు మూడూ వరుసగా చేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. ఆగస్టులో స్వీడన్‌లో జరిగే అలాంటి పోటీ ఐరన్‌మ్యాన్ కాల్మార్‌కి పేరు ఇచ్చాడు. చెన్నై ఓఎమ్ఆర్‌లోని వాళ్ల అపార్ట్‌మెంట్ ఈతకొలనులో ఒక సాయంత్రం తొడుక్కుని దిగాడు. నాలుగు లెంగ్తులు కొట్టి గట్టు పట్టుకుని నిలబడిపోయాడు. "అన్నా, భుజం లేవట్లేదు. ప్రతి స్ట్రోక్‌కీ ఎవరో వెనక నుంచి రబ్బరు బ్యాండ్ పట్టుకుని లాగుతున్నట్టుంది. సైజు తప్పు తెప్పించానేమో!" అన్నాడు. ముఖంలో టెన్షన్ కనిపిస్తోంది. చిన్న మొత్తం పెట్టి కొన్న వస్తువు కాదది.

చెన్నై, బెంగళూరుల నుంచి చల్లటి దేశాల పోటీలకు వెళ్లే చాలామందికి ఇదే అనుభవం ఎదురవుతుంది. సైజు తప్పయిందా, తొడుక్కోవడం తప్పయిందా అన్నది పైపైన చూస్తే తేలదు. రెండూ ఒకేలా బాధపెడతాయి. విడదీసి చూసే పద్ధతి మాత్రం ఉంది.

ఇక్కడ అక్కర్లేని బట్ట, అక్కడ ఎందుకు కావాలి

వెట్‌సూట్ నియోప్రీన్ అనే నురుగు రబ్బరుతో చేసిన బిగుతు దుస్తు. ఆ రబ్బరు నిండా కంటికి కనిపించనంత చిన్న గాలి బుడగలు ఉంటాయి. ఒంటి వేడిని బయటకు పోనివ్వనివీ, మనిషిని పైకి తేల్చేవీ ఆ బుడగలే. ట్రయథ్లాన్ కోసం చేసిన సూట్‌కి బయటి వైపు బట్ట ఉండదు, నున్నటి రబ్బరే ఉంటుంది. నీళ్లు దాని మీద జారిపోతాయి. గోరు తగిలితే మాత్రం చిరుగుతుంది. స్కూబా డైవింగ్ సూట్ దీనికి భిన్నం. దానికి బయట కూడా బట్ట ఉంటుంది, భుజాల దగ్గర కూడా మందంగానే ఉంటుంది. దాంతో పాకవచ్చు, రాళ్లకు రాసుకోవచ్చు గానీ రెండు గంటలు చేతులు తిప్పడం కష్టం.

మన సముద్రంలో దీని అవసరం రాదు. చెన్నై తీరంలో నీళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి. గోవాలో జరిగే సగం దూరపు పోటీ ఐరన్‌మ్యాన్ 70.3లో కూడా, ఈత, సైకిల్, పరుగు మూడింటికీ పనికొచ్చే మామూలు ట్రైసూట్‌తోనే ఈదుతారు. నీళ్లు వెచ్చగా ఉంటే నిబంధనలే ఒప్పుకోవు. ఐరన్‌మ్యాన్ పోటీల్లో ఏజ్‌గ్రూప్ వాళ్లకు, అంటే వృత్తి క్రీడాకారులు కాని మనలాంటివాళ్లకు, నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీల వరకు వెట్‌సూట్ అనుమతి. ఈ క్రీడ అంతర్జాతీయ సమాఖ్య అయిన వరల్డ్ ట్రయథ్లాన్ నిబంధనల కింద జరిగే 1500 మీటర్ల ఈతలో ఏజ్‌గ్రూప్ వాళ్లకు ఆ గీత 22 డిగ్రీల దగ్గర ఉంది. రెండు చోట్లా రబ్బరు మందం ఎక్కడా 5 మిల్లీమీటర్లు దాటకూడదు. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న కాల్మార్ లాంటి చోట నీళ్లు ఈ గీతలకు బాగా కింద ఉంటాయి. కాబట్టి అక్కడ దాదాపు అందరూ సూట్‌తోనే దిగుతారు.

మన చిక్కంతా ఇక్కడే ఉంది. ఇక్కడ వాడరు కాబట్టి తొడుక్కుని చూసి కొనుక్కునే దుకాణాలు అరుదు. సైజు చార్ట్ చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా పోటీ జరిగే ఊళ్లో అద్దెకు తీసుకోవాలి.

భుజం బిగుతుకు మూలం తరచూ భుజం దగ్గర ఉండదు

కంపెనీలు భుజం స్వేచ్ఛ గురించి చెప్పేటప్పుడు ముందుగా మందం చెబుతాయి. భుజాల దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల రబ్బరు అంటాయి. అది నిజమే. కానీ పల్చటి రబ్బరు ఉన్నంత మాత్రాన చెయ్యి సులువుగా లేవదు. రబ్బరు వెనక అతికించిన లోపలి బట్ట ఎంత సాగితే రబ్బరు అంతే సాగుతుంది. అంతకంటే ముఖ్యం, చెయ్యి పైకెత్తినప్పుడు సాగడానికి భుజం మీద తగినంత రబ్బరు పోగై ఉందా లేదా అన్నది.

దీన్ని మామూలు చొక్కాతో అర్థం చేసుకోవచ్చు. బిగుతు చొక్కాని ప్యాంటులోకి లాగి దోపుకుని చేతులు పైకెత్తితే భుజాల మీద పట్టేస్తుంది. చొక్కా బయటకు వదిలేస్తే అదే చొక్కాలో చేతులు హాయిగా లేస్తాయి. భుజం కుట్టు మారలేదు, కింద నుంచి లాగే బలం పోయిందంతే. వెట్‌సూట్ మెడ నుంచి చీలమండల దాకా ఒకే ముక్క. గజ్జల దగ్గర రెండంగుళాలు కిందకు ఉండిపోయిందంటే ఆ లోటును నడుము, ఛాతీ, భుజం పంచుకోవాలి. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ మొత్తం సూట్‌ని పైకి లాగాల్సి వస్తుంది. వంద స్ట్రోకులకు తెలియదు. ఐదారు వందల మీటర్లు దాటాక భుజం మండటం మొదలవుతుంది.

మా తమ్ముణ్ని గట్టు మీద నిలబెట్టి చూస్తే సంగతి కనిపించింది. గజ్జలకూ సూట్‌కూ మధ్య నాలుగు వేళ్లు అడ్డంగా పట్టేంత సందు ఉంది. అటు మోకాళ్ల కింద, మణికట్ల దగ్గర రబ్బరు ముడతలు పడి ఉంది. అంటే రబ్బరు ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట పోగైంది. ప్యాంటు తొడుక్కున్నట్టు నడుం దగ్గర పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగేశాడు. అందరూ మొదటిసారి చేసేది అదే.

తడి ఒంటితో ఉన్నవాడి చేత సూట్ విప్పించి, ఒళ్లు తుడుచుకున్నాక మళ్లీ మొదలుపెట్టించాం. ఈసారి పాదానికి పల్చటి ప్లాస్టిక్ సంచీ తొడిగాడు. దానివల్ల కాలు సులువుగా జారింది. కింది అంచును చీలమండకు నాలుగు వేళ్ల పైన నిలిపాడు. అక్కణ్నుంచి పిక్క, మోకాలు, తొడ వరుసలో కొద్దికొద్దిగా రబ్బరును పైకి జరుపుకుంటూ వచ్చాడు. గోళ్లు తగలకుండా వేళ్ల మెత్తటి భాగంతోనే పట్టుకోవాలి. మేం నూలు చేతితొడుగులు ఇచ్చాం. గజ్జల దగ్గర సందు పోయేదాకా నడుం పైకి రాలేదు. తర్వాత పొట్ట, ఛాతీ. చేతులకు కూడా ఇదే పద్ధతి: మణికట్టు ఎముక పైన అంచు నిలిపి, మోచేయి దాటించి, చంకలోకి రబ్బరును తోసుకోవడం. మొత్తం పదిహేను నిమిషాలు పట్టింది.

చివర్లో చేతులు నిటారుగా పైకెత్తమన్నాం. చంక దగ్గర సూట్ ఒంటికి అతుక్కునే ఉంది, గుడారంలా లేవలేదు. జిప్ వేసే ముందు రెండు భుజాల మీద చెరో పిడికెడు రబ్బరు పట్టి మెడ వైపు జరిపాం. నీళ్లలో దిగి పది లెంగ్తులు కొట్టొచ్చి, "సగం బాధ పోయిందన్నా" అన్నాడు.

ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. మిగిలిన సగం ఎందుకు పోలేదు?

చార్ట్‌లో కనిపించని కొలత

మా వాడి ఎత్తు 181 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, ఛాతీ 97 సెంటీమీటర్లు. అతను చూసిన చార్ట్‌లో బరువు, ఛాతీ రెండూ మీడియంలోకి వచ్చాయి. ఎత్తు ఒక్కటే ఒక సెంటీమీటరు దాటింది. ఒక్క సెంటీమీటరే కదా అని మీడియం తీసుకున్నాడు. మామూలుగా అది తప్పు కాదు. చార్ట్‌లో కొలతలు రెండు సైజుల్లో పడితే ఛాతీ, బరువులకే ఎక్కువ విలువ ఇవ్వమంటారు. ఎందుకంటే నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఒంటి చుట్టుకొలతే. చేతులు, కాళ్లు రెండంగుళాలు పొట్టిగా ఉన్నా నష్టం లేదు. చాలామంది ముంజేయి బయట కనబడగానే సూట్ చిన్నదైపోయిందని అనుకుంటారు, అది నిజం కాదు.

కానీ ఎత్తు అన్నది కాళ్లలో ఉందా, మొండెంలో ఉందా అనేది చార్ట్ చెప్పదు. 181 సెంటీమీటర్ల మనుషులు ఇద్దరుంటే ఒకరికి పొడుగు కాళ్లు, ఇంకొకరికి పొడుగు మొండెం ఉండొచ్చు. మొదటివాడికి మీడియం చక్కగా సరిపోతుంది, రెండోవాడికి భుజాలు పట్టేస్తాయి. దర్జీ టేపుతో తెలుసుకోవచ్చు: మెడ కింద, ముందువైపు గుంట దగ్గర మొదలుపెట్టి, ఛాతీ మీదుగా గజ్జల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్లి, మెడ వెనక ఎముక దగ్గర ఆపాలి. ఈ కొలత తీసుకుంటే, అదే ఎత్తున్న ఇంకో మిత్రుడి కంటే మా తమ్ముడికి ఐదు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది.

కాబట్టి రెండు తప్పులనూ విడదీసే గుర్తు ఇది. రబ్బరు మణికట్టు దగ్గరో మోకాలి కిందో ముడతలు పడి ఉండి, గజ్జల దగ్గరో చంక దగ్గరో సందు ఉంటే అది తొడుక్కున్న తీరు. ఎక్కడా ముడత లేకుండా, ఓపిగ్గా జరిపినా గజ్జల దగ్గర సందు మళ్లీ తెరుచుకుంటూ, జిప్ వేయగానే మెడ పట్టీ గొంతు మీద కిందకు నొక్కుతూ ఉంటే మొండెం పొడవు చాలలేదన్నమాట. ఎంత ప్రాక్టీస్ చేసినా అది మారదు. మా వాడు సూట్ వెనక్కి పంపి అదే మోడల్‌లో మీడియం టాల్ తెప్పించుకున్నాడు. ఛాతీ, నడుం కొలతలు దాదాపు అవే, పొడవు మాత్రం పెరుగుతుంది.

పెద్ద సైజు తీసుకుంటే పోలేదా అని అడిగాడు. దాని తప్పు వేరే చోట బయటపడుతుంది. నడుం వెనక వంపు దగ్గర సూట్ ఒంటిని వదిలేస్తుంది, అక్కడ నీళ్ల సంచీ తయారవుతుంది. మెడ దగ్గర నుంచి ప్రతి స్ట్రోక్‌కీ చల్లటి నీళ్లు లోపలికి వస్తాయి. వెచ్చదనం పోతుంది, మోసే బరువు పెరుగుతుంది. గట్టు మీద కొంచెం బిగుతుగా ఉన్న సూట్ నీళ్లలో కాస్త వదులవుతుంది, గట్టు మీదే హాయిగా ఉన్నది నీళ్లలో సంచీ అవుతుంది. ఒక్క ఛాతీ మాత్రం మినహాయింపు. నిండుగా ఊపిరి పీల్చలేకపోతే అది చిన్న సైజే. చల్లటి నీళ్లు ముఖానికి తగలగానే ఎలాగూ ఊపిరి బిగుసుకుంటుంది. దానికి ఈ బిగుతు తోడైతే ఈతలో భయం పట్టుకుంటుంది.

తేలే బలం: ఎంత అన్నదాని కంటే ఎక్కడ అన్నది ముఖ్యం

వెట్‌సూట్ ఎంత తేలుస్తుందో మనమే లెక్క వేసుకోవచ్చు. సూట్ కప్పే ఒంటి భాగం సుమారు 1.4 చదరపు మీటర్లు, సగటు మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండూ గుణిస్తే 4.2 లీటర్లు. అంటే ఆ రబ్బరు 4.2 లీటర్ల నీటిని పక్కకు తోస్తుంది. సూట్ బరువు ఒకటిన్నర కిలో అనుకుంటే, తీసివేయగా దాదాపు 2.7 కిలోల బలం మనిషిని పైకి నెడుతుంది. వినడానికి తక్కువే. కానీ ఊపిరి నిండా ఉన్న మనిషి నీళ్లలో ఎలాగూ దాదాపు బరువు లేనట్టే ఉంటాడు. మునగనూ మునగక, తేలనూ తేలక ఉన్న చోట రెండున్నర కిలోలు చాలా పెద్ద సాయం.

ఆ సాయం ఎక్కడ కావాలన్నది మనిషిని బట్టి మారుతుంది. మన ఒంట్లో తేలేది ఛాతీ, అందులో గాలి ఉంది కాబట్టి. కిందకు లాగేవి తొడలు, పిక్కలు. పెద్దయ్యాక ఈత నేర్చుకున్నవాళ్లకు, సైకిల్ తొక్కీ పరిగెత్తీ కాళ్లు గట్టిపడిన మగవాళ్లకు కాళ్లు మునుగుతాయి. అలా మునిగిన ఒళ్లు నీటికి అడ్డుగోడలా నిలబడుతుంది. అలాంటివాళ్లకు తొడల దగ్గర, నడుం దగ్గర 5 మిల్లీమీటర్ల రబ్బరు ఉన్న సూట్ నిజంగా ఉపకారం చేస్తుంది. 1989లో నెదర్లాండ్స్ పరిశోధకులు సెకనుకు 1.25 మీటర్ల వేగం దగ్గర కొలిస్తే, ట్రయథ్లాన్ వెట్‌సూట్ నీటి నిరోధాన్ని సుమారు 14 శాతం తగ్గించింది.

చిన్నప్పటి నుంచి ఈదుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఒళ్లు ఇప్పటికే నీటి మట్టానికి సమాంతరంగా ఉంటుంది. చాలామంది ఆడవాళ్లకు కూడా కాళ్లు సహజంగానే తేలతాయి. వీళ్లకు మందపాటి కాళ్ల సూట్ ఇస్తే పిరుదులు నీటి పైకి వచ్చేస్తాయి, ఛాతీ కిందకు నొక్కుకుపోతుంది, పాదాలు గాల్లో తన్నుతాయి. ఊపిరికి తల ఎక్కువ ఎత్తాల్సి వస్తుంది. నడుం విల్లులా వంగి, ఒడ్డుకు వచ్చేసరికి నొప్పి పుడుతుంది. ఈతలో నడుం నొప్పి ఎన్నడూ లేనివాళ్లకు వెట్‌సూట్‌లో వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. అందుకే ఛాతీకీ కాళ్లకీ మందంలో తేడా పెద్దగా లేని సూట్లు కూడా చేస్తున్నారు. ఎక్కువ మందం ఉన్నదే మంచిదని ధర చూసి అనుకోవడం పొరపాటు.

చెన్నైలో సముద్రంలో ప్రాక్టీస్ చేసేవాళ్లు ఇంకొక సంగతి గమనించాలి. బంగాళాఖాతం నీళ్లు ఉప్పగా ఉంటాయి, లీటరు దాదాపు 1.021 కిలోలు తూగుతుంది. కాల్మార్ దగ్గర బాల్టిక్‌లో ఉప్పు మన సముద్రంలో నాలుగో వంతు కూడా ఉండదు. అక్కడ లీటరు 1.004 కిలోల దగ్గర ఉంటుంది. 70 లీటర్ల ఒంటికి ఆ తేడా 1.2 కిలోలు. అంటే చెన్నై తీరంలోని నీలాంకరైలో ఉప్పు నీళ్లు ఊరికే ఇచ్చిన తేలే బలంలో 1.2 కిలోలు అక్కడ దొరకదు, సూట్ ఇచ్చే 2.7 కిలోల్లో దాదాపు సగం దాన్ని పూడ్చడానికే పోతుంది. "సూట్ వేసుకుంటే పడవలా పోతావన్నారు, అంతేం లేదే" అని కొందరు అనడానికి ఇదీ ఒక కారణం. కొలనులో మాత్రమే ఈదే బెంగళూరువాళ్లకు మాత్రం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

చేతుల్లేని సూట్ గురించి రెండు మాటలు

భుజం బాధ వద్దనుకుంటే చేతుల్లేని సూట్ తీసుకోవచ్చనేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో బలముంది: భుజం పూర్తిగా స్వేచ్ఛగా ఉంటుంది, ముంజేతికి నీళ్లు తగిలే స్పర్శ పోదు, విప్పడం సులువు, ధర తక్కువ. భుజానికి పాత గాయం ఉన్నవాళ్లకు నేనూ అదే చెబుతాను. రెండో పక్షం చెప్పేదీ నిజమే. చంకల దగ్గర తెరుపు పెద్దది కాబట్టి నీళ్లు లోపలికి వస్తాయి, చేతుల చర్మం చల్లబడుతుంది, వేగంలో కూడా నిండు చేతుల సూట్‌దే సాధారణంగా పైచెయ్యి. నీళ్లు 21, 22 డిగ్రీలు ఉన్నప్పుడు, ఈత 1900 మీటర్లే అయినప్పుడు మొదటి వాదన గెలుస్తుంది. 17 డిగ్రీల్లో 3.8 కిలోమీటర్లు ఈదాలంటే, మన ఎండకు అలవాటైన ఒంటికి చేతులున్నదే మేలని నా అభిప్రాయం.

ట్రాన్సిషన్‌లో సూట్ ఎక్కడ ఇరుక్కుంటుంది

ఈత నుంచి సైకిల్‌కు మారే చోటును టీ1 అంటారు. అక్కడ సూట్ విప్పడానికి పట్టే సమయం బలం మీద ఆధారపడదు, లోపల ఉన్న నీళ్ల పొర మీద ఆధారపడుతుంది. నీళ్లలోంచి లేచిన మొదటి నిమిషంలో రబ్బరుకూ చర్మానికీ మధ్య పల్చటి నీటి పొర ఉంటుంది, సూట్ జారుతుంది. సైకిల్ దాకా పరిగెత్తి అక్కడ మొదలుపెడితే ఆ నీళ్లు కారిపోయి, రబ్బరు ఒంటికి అతుక్కుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నడుం లోతు నీళ్లు దాటగానే కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, వెనక జిప్‌కున్న తాడు అందుకుంటారు. ఒక చెయ్యి మెడ వెనక సూట్‌ని పట్టుకుంటే ఇంకో చెయ్యి తాడు లాగుతుంది. పట్టుకోకుండా లాగితే సూట్ కూడా తాడుతో పాటు కదిలి జిప్ మొరాయిస్తుంది. నడుం దాకా విప్పేసుకుని పరిగెడతారు.

మా వాడు మొదటిసారి కొలను గట్టు మీద విప్పడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకున్నాడు. రెండు చోట్ల ఇరుక్కుంది. మొదటిది చేతి గడియారం. సూట్ చెయ్యి తిరగబడుతూ వచ్చి దాని అంచుకు తట్టుకుని ముద్దయిపోయింది. గడియారాన్ని సూట్ చెయ్యి లోపల పెట్టుకుంటే చెయ్యి దాని మీదుగా జారిపోతుంది గానీ ఈతలో అంకెలు చూసుకోలేం. బయట పెట్టుకుంటే విప్పే ముందు గడియారం తీసేయాలి. ఏదో ఒకటి ముందే తేల్చుకోవాల్సిన విషయం.

రెండోది మడమ. అతని చీలమండ చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. మడమ నుంచి పాదం పైభాగం మీదుగా చుట్టి కొలిస్తే 33. సూట్ కాలు చీలమండకు సరిపోయేలా సన్నగా ఉంటుంది, కానీ విప్పేటప్పుడు అది 33 సెంటీమీటర్ల అడ్డంకిని దాటాలి. సూట్ కాలు కింద సన్నం, పైకి పోయేకొద్దీ వెడల్పు. కాబట్టి కింది అంచు రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరిస్తే తెరుపు పెద్దదవుతుంది. చాలా కంపెనీలు దీన్ని ఒప్పుకుంటాయి, కొన్ని గ్యారంటీ పోతుందంటాయి. కత్తిరించే ముందు ఆ కాగితం చదవాలి. మా వాడు కత్తిరించలేదు. తొడుక్కునేటప్పుడే అంచును మరింత పైన నిలిపి, పిక్కల కింద, మడమల మీద సూట్‌కి హాని చేయని లూబ్రికెంట్ రాసుకున్నాడు. మనవాళ్లు ఇంట్లో ఉన్న వాజ్‌లైన్ రాసేస్తుంటారు. పెట్రోలియం జెల్లీ వల్ల జిగురు, రబ్బరు దెబ్బతింటాయని తయారీదారులు వద్దంటారు.

కాళ్ల దగ్గర చేతులతో లాగడం కంటే తొక్కడం త్వరగా అవుతుంది. సూట్‌ని మోకాళ్ల కిందకు తోసి, ఒక కాలితో ఇంకో కాలి సూట్‌ని నేలకేసి తొక్కి పట్టి, మోకాలు పైకెత్తితే మడమ బయటకొస్తుంది. ఎడమ చీలమండకు ఉండే టైమింగ్ చిప్ పట్టీ సూట్ అంచు కింద ఉందో పైన ఉందో ముందే చూసుకోకపోతే అదీ సూట్‌తో పాటు ఊడి వస్తుంది. మూడో వారానికి మా వాడికి 35 సెకన్లు పట్టింది.

వెచ్చటి ఊళ్లో ప్రాక్టీస్ ఎంత, ఎలా

29 డిగ్రీల కొలనులో వెట్‌సూట్‌తో గట్టిగా ఈదితే ఒంటి వేడి బయటకు పోయే దారి ఉండదు. తల బరువెక్కడం, వికారం, స్ట్రోక్ తడబడటం మొదలైతే వెంటనే ఆగి జిప్ తీసేయాలి. అందుకే ఇక్కడ ప్రాక్టీస్ అంటే తెల్లవారుజామున తొడుక్కోవడం, పది పదిహేను నిమిషాలు నాలుగైదు వందల మీటర్లు నెమ్మదిగా ఈదడం, విప్పడం, అంతే. బెంగళూరులో డిసెంబరు, జనవరి నెలల్లో వేడి చేయని ఆరుబయటి కొలనులు బాగా చల్లబడతాయి. పొడుగు ఈతకు అదే మంచి అదను.

ఆ చిన్న ప్రాక్టీస్‌లో బయటపడేది ఇంకొకటుంది. మా వాడికి మీడియం టాల్ వచ్చాక భుజం బాధ పోయింది గానీ, రెండో రోజు మెడ కుడివైపు ఎర్రటి గీత పడింది. అతను ఊపిరి తీసుకునేది కుడివైపే. తల తిప్పిన ప్రతిసారీ మెడ పట్టీ వెల్క్రో గరుకు అంచు చర్మానికి రాసుకుంటోంది. చూస్తే పట్టీని అర అంగుళం పక్కకు అతికించాడు, గరుకు భాగం బయటకొచ్చి ఉంది. నున్నటి పట్టీ గరుకు భాగాన్ని పూర్తిగా కప్పేలా అతికించి, మెడకు కొంచెం లూబ్రికెంట్ రాశాం. తర్వాతి వారం నీలాంకరైలో ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఈదించి మళ్లీ చూశాం. గీత పడలేదు.